కుండీ మట్టికి తోడు

జూలైలో మూడు రోజులు ముసురు పట్టి నాలుగో రోజు ఎండ కాసింది. హైదరాబాద్‌లో ఒక రెండంతస్తుల ఇంటి మిద్దె మీద ఇరవై గ్రోబ్యాగుల్లో టమాటా, మిరప, వంగ మొక్కలున్నాయి. పొద్దున నవనవలాడిన టమాటాలు మధ్యాహ్నానికి తలలు వేలాడేశాయి. ఎండకు తాళలేకపోతున్నాయనుకుని ఆ ఇంటి ఇల్లాలు తలా ఒక చెంబు నీళ్ళు పోసింది. సాయంత్రానికి కాస్త తేరుకున్నాయి. మర్నాడు మళ్ళీ వాలాయి, మళ్ళీ నీళ్ళు పడ్డాయి. వారం తిరిగేసరికి ఆరు మొక్కలు నిలువునా ఎండిపోయాయి.

ఎవరో చెబితే ట్రైకోడెర్మా ప్యాకెట్ తెచ్చి మిగిలిన కుండీల్లో రెండేసి చెంచాల పొడి చల్లింది. ఇంకో నాలుగు పోయాయి. అప్పుడు పక్కింట్లో ఉండే పెద్దాయన పైకి వచ్చి చూశాడు. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మందు గురించి మాట్లాడకుండా వాలిపోయిన మొక్కనొకదాన్ని మట్టితో సహా పైకి లాగాడు. తెల్లగా, బిరుసుగా ఉండాల్సిన వేళ్ళు టీ డికాషన్ రంగులో మెత్తబడి ఉన్నాయి. ఒక వేరును రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతొడుగు జారి ఊడొచ్చి, లోపల సన్నటి దారం లాంటి నరం మిగిలింది. కుండీ అడుగు మట్టి మురుగు వాసన కొడుతోంది.

"చచ్చిపోయిన వేళ్ళకు నువ్వెన్ని నీళ్ళు పోస్తే మాత్రం ఎలా తాగుతాయమ్మా?" అన్నాడాయన. పొడి ప్యాకెట్ చూపిస్తే నవ్వి, "ఇది మందు కాదు, తోడు. పాలు విరిగిపోయాక తోడేస్తే పెరుగవుతుందా?" అన్నాడు.

కుండీల్లో వేరుకుళ్ళును ఆపడానికి ట్రైకోడెర్మా వాడేవాళ్ళు చేసే పొరపాట్లన్నీ దాదాపుగా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ప్యాకెట్‌లో ఉన్నది తెగులు మీద పనిచేసే రసాయనం కాదు, ప్రాణమున్న బూజు. దానికి తిండి కావాలి, తడి కావాలి, గాలి కావాలి, కుదురుకోవడానికి నాలుగు రోజుల వ్యవధి కావాలి. అవి దొరికితే ఇల్లు కట్టుకుంటుంది. దొరకకపోతే సుద్దపొడి చల్లినట్టే.

అసలు కుండీలోనే ఈ తెగులు ఎందుకెక్కువ? పొలంలో నీరు కిందికి, పక్కలకు ఇంకిపోతుంది. కుండీకి అడుగుంది. తడిపిన స్పాంజిని పళ్ళెంలో పెట్టి చూస్తే పైభాగం త్వరగా తడి వదులుతుంది కానీ అడుగున ఒక పొర మాత్రం నీరు పట్టుకునే ఉంటుంది. కుండీ మట్టి కూడా అంతే. అడుగున రంధ్రాలున్నా సరే, అట్టడుగు పొర మిగతా మట్టికంటే ఎక్కువసేపు ముద్దగా ఉంటుంది. మట్టి ఎంత మెత్తటిదైతే ఆ తడిపొర అంత మందం. చాలామంది కుండీ అడుగున గులకరాళ్ళు, పెంకులు పరుస్తారు. నీరు త్వరగా దిగుతుందని వాళ్ళ నమ్మకం. నిజానికి ఆ తడిపొర రాళ్ళ మీదికి ఎక్కి కూర్చుంటుంది, అంటే వేళ్ళకు ఇంకాస్త దగ్గరగా వస్తుంది. రంధ్రం మీద ఒక పెంకు మట్టి జారకుండా పెట్టుకోవచ్చు. అంతకు మించి రాళ్ళ వల్ల ఒరిగేదేమీ లేదు.

ముద్దగా ఉన్న మట్టిలో గాలి ఉండదు, వేళ్ళు ఊపిరాడక నీరసిస్తాయి. అదే తరుణంలో పిథియం, ఫైటోఫ్తోరా అనే తెగులు జీవులు చెలరేగుతాయి. చాలామంది వీటిని శిలీంధ్రాలంటారు గానీ ఇవి అసలైన శిలీంధ్రాలు కావు. నీటి నాచుకు దూరపు చుట్టాలు. వీటి బీజాలకు తోకలుంటాయి. నీటిపొరలో ఈదుకుంటూ వేరు దాకా వెళ్తాయి. ముసురు తర్వాత మొక్కలు గుంపుగా పోవడానికి కారణం ఇదే. రైజోక్టోనియా, ఫ్యుజేరియం, స్క్లీరోషియం అనేవి అసలు శిలీంధ్రాలు. వీటికి మరీ అంత నీరు అక్కర్లేదు. మొక్క మొదట్లో తెల్లటి బూజు పట్టి, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లు కనబడితే అది స్క్లీరోషియం పనే.

వీటన్నిటికీ మట్టిలో పోటీదారు ట్రైకోడెర్మా. ఈ పేరు 1794లోనే పెట్టినా, దీని అసలు నైజం బయటపడింది 1932లో. నిమ్మజాతి నారులో రైజోక్టోనియాను పరిశీలిస్తున్న వైండ్‌లింగ్ అనే శాస్త్రవేత్తకు ఒక వింత కనిపించింది. ఈ పచ్చబూజు పోగులు తెగులు శిలీంధ్రం పోగులను పాములా చుట్టుకుని, వాటి గోడలను కరిగించి, లోపలి సారం తాగేస్తున్నాయి. ఒక బూజు ఇంకో బూజును తినడం అన్నమాట. దీని జాతిలోనే ఇంకొకటి రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలను తినేసి పేరు తెచ్చుకుంది. నూలును కరిగించే ఆ ఎంజైములనే ఇవాళ జీన్స్ ప్యాంట్ల రంగు వెలవెలబోయేలా చేయడానికి బట్టల మిల్లుల్లో వాడుతున్నారు. గుడారాన్ని తిన్నది చివికిన ఆకులను, పేడ ఎరువును తినడంలో వింతేముంది? కుండీలో దానికి తిండి పెట్టడం మనకు అంత సులువు కావడానికి కారణం ఇదే.

తెగులును చుట్టుకుని తినడం ఒక్కటే దాని పద్ధతి కాదు. కుండీలో ఎక్కువగా పనికొచ్చేది ఇంకొకటుంది, ముందుగా వచ్చి చోటు పట్టేయడం. వేరు చుట్టూ ఉన్న తిండిని, జాగాను అదే ఆక్రమిస్తే తర్వాత వచ్చిన తెగులుకు నిలువ నీడ ఉండదు. బస్సులో ముందెక్కి సీటు మీద తువ్వాలు వేసుకోవడం లాంటిదే ఇది. అందుకని వేరు కుళ్ళాక పోసిన ట్రైకోడెర్మా అంతగా పనిచేయదు. సీట్లన్నీ అప్పటికే నిండిపోయి ఉంటాయి.

ఇక ప్యాకెట్ లెక్క చూద్దాం. మన దేశంలో ట్రైకోడెర్మా విరిడి ఒక శాతం పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలుండాలి. ప్యాకెట్ మీద దీన్ని సి.ఎఫ్.యు. అనే అక్షరాల పక్కన 2×10⁶ అని వేస్తారు. మిగతాదంతా టాల్కం పొడే. 12 అంగుళాల గ్రోబ్యాగులో 20 కిలోల దాకా మట్టి మిశ్రమం పడుతుంది. అందులో 10 గ్రాముల పొడి కలిపితే 2 కోట్ల కణాలు చేరాయి. వినడానికి ఘనంగా ఉంది. కానీ 20 కిలోలంటే 20 వేల గ్రాములు. అంటే గ్రాము మట్టికి దక్కేది వెయ్యి కణాలు. అదే గ్రాము మట్టిలో రకరకాల బ్యాక్టీరియాలు కోట్లలో ఉంటాయి. ఆ జాతరలో ఈ వెయ్యి ఏ మూలకు? ఆ ఇల్లాలు చల్లిన రెండు చెంచాలూ అలా పోయినవే. అదీ మట్టి పైన, ఎండలో, తిండి లేకుండా.

పెద్దాయన చెప్పిన తోడు పద్ధతి మన వ్యవసాయ శాఖ వాళ్ళు రైతులకు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నదే. ఎకరానికి 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడిపి, నీడలో వారం పది రోజులు మాగనిచ్చి పొలంలో వేయమంటారు. పదోవంతుకు కుదిస్తే అది ఒక మిద్దెతోటకు సరిగ్గా సరిపోతుంది. 9 కిలోల ఎరువు, ఒక కిలో వేపపిండి, 200 గ్రాముల పొడి. ఇరవై బ్యాగులకు తలా అరకిలో చొప్పున వస్తుంది. లెక్కకు బ్యాగుకు అదే 10 గ్రాముల పొడి. కాకపోతే ఇప్పుడది ఎరువులో పదింతలు, ఇరవయ్యింతలు పెరిగి, తన తిండి తాను వెంట పెట్టుకుని కుండీలోకి వస్తోంది.

మరుసటి ఏడాది ఆమె చేసిన పని ఇది. జూన్ మొదటివారంలో, బ్యాగులు నింపడానికి పన్నెండు రోజుల ముందు, బాగా చివికిన పశువుల ఎరువు తెప్పించింది. ముందు ఎరువు కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా తగిలితే పేడ ఇంకా మాగలేదని అర్థం. కాగుతున్న పాలలో తోడేస్తే ఏమవుతుందో అలాంటి ఎరువులో ట్రైకోడెర్మా గతీ అంతే. ఎరువు చల్లగానే ఉంది. గడ్డలు చిదిపి, వేపపిండి కలిపి, పొడి కలిపింది. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంది. టాల్కం పొడి, బూజు కణాలు గాలిలో లేస్తాయి కాబట్టి ఆ జాగ్రత్త అవసరం.

లీటరు నీటిలో గుప్పెడు బెల్లం కరిగించి పైన చిలకరించింది. తర్వాత మామూలు నీళ్ళు కొద్దికొద్దిగా చల్లుతూ కలిపింది. తడి ఎంతుండాలో తెలుసుకోవడానికి కొలత పాత్ర అక్కర్లేదు. గుప్పెడు ఎరువు తీసుకుని గట్టిగా పిండితే ఉండ కట్టాలి, వేళ్ళ సందున ఒక చుక్క కనబడాలి, కానీ కారకూడదు. కారితే గాలి ఆడదు, ట్రైకోడెర్మాకు బదులు మురుగు బ్యాక్టీరియా పెరుగుతుంది. ఉండ విడిపోతే తడి చాలదు. ఆ ఎరువును వరండాలో, ఎండా వానా తగలని చోట, ప్లాస్టిక్ పట్టా మీద జానెడు ఎత్తున పరిచి తడి గోనెపట్టా కప్పింది. మిద్దె మీద పెట్టలేదు. జూన్ మొదట్లో మిద్దె ఇంకా పెనంలాగే ఉంటుంది. ట్రైకోడెర్మాకు 25 నుంచి 30 డిగ్రీల వేడి హాయి, 35 దాటితే మందగిస్తుంది.

రోజు విడిచి రోజు గోనెపట్టా తడుపుతూ, మూడు నాలుగు రోజులకోసారి ఎరువును కిందా మీదా తిరగేసింది. నాలుగో రోజు గోనె ఎత్తి చూస్తే ఎరువు మీద సాలెగూడులా తెల్లటి పోగులు. ఎనిమిదో రోజుకు అక్కడక్కడా పాచిరంగు మచ్చలు. అదే ట్రైకోడెర్మా గింజ కట్టడం. వాసన చూస్తే తడి మట్టి వాసనలో కలిసి కొబ్బరి వాసన తగిలింది. ఈ శిలీంధ్రంలో కొన్ని రకాలు నిజంగానే కొబ్బరి వాసన వేసే పదార్థాన్ని తయారు చేస్తాయి. అన్ని రకాలూ అలా వాసన వేయవు కాబట్టి కొబ్బరి వాసన రాలేదని బెంగపడక్కర్లేదు. నల్లటి జిగురు, కుళ్ళు వాసన వస్తే మాత్రం ఆ ఎరువు కుండీలకు పనికిరాదు.

ఇక్కడ ఒక మాట. బకెట్ నీటిలో బెల్లం, ట్రైకోడెర్మా కలిపి మూతపెట్టి వారం నానబెట్టి, అలా పెంచామనుకునే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. ట్రైకోడెర్మాకు గాలి కావాలి. మూసిన బకెట్‌లో తీపి నీరు పులిసి, ఈస్టు, బ్యాక్టీరియా పెరుగుతాయి. పైన తేలే నురుగు చూసి మురిసిపోవడమే తప్ప అందులో ట్రైకోడెర్మా ఎంతుందో ఎవరూ చెప్పలేరు. బెల్లం ఎరువు మీద చిలకరించడానికి చాలు.

పన్నెండో రోజు ఆమె పాత బ్యాగులు ఖాళీ చేసి కొత్తగా నింపింది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు కడిగిన కోకోపీట్, మట్టి వదులుగా ఉండడానికి అరపాలు వరి ఊక. అడుగున రాళ్ళు వేయలేదు. బ్యాగు పక్కల్లో, అడుగుకు ఒక అంగుళం పైన నాలుగు రంధ్రాలు అదనంగా పొడిచి, బ్యాగులను నేల మీద కాకుండా ఇటుకల మీద పెట్టింది. తోడు పెట్టిన ఎరువును మొత్తం మిశ్రమంలో కలిపి, ఒక చారెడు మాత్రం నాటే గుంటలో వేయడానికి దాచుకుంది. నింపిన వెంటనే నాటకుండా తడిపి నాలుగు రోజులు ఆగింది. నారు తెచ్చాక లీటరు నీటిలో 10 గ్రాముల పొడి కలిపి, వేళ్ళను అరగంట అందులో ముంచి, సాయంత్రం పూట నాటింది.

ఆ ఏడు కూడా ముసురు పట్టింది. మూడు మొక్కలు పోయాయి, పదిహేడు నిలిచాయి. ఆ ఘనతంతా ట్రైకోడెర్మాకే కట్టబెడితే మాత్రం అబద్ధమవుతుంది. ఇటుకలకు, రంధ్రాలకు, వరి ఊకకు అందులో సగం వాటా ఉంది. నీరు నిలిచే కుండీలో ఏ జీవిని వేసినా నిలవదు, ఎందుకంటే ట్రైకోడెర్మా కూడా గాలి పీల్చేదే. ముద్ద మట్టిలో అది నిద్రపోతుంది, ఈదే పిథియం మాత్రం మేలుకునే ఉంటుంది.

పోయిన మూడింటిలో ఒకటి వంగ. ఆకులు పచ్చగా ఉండగానే ఒక్క రోజులో వాలిపోయింది. వేళ్ళు బాగానే ఉన్నాయి. పెద్దాయన కాండాన్ని అడ్డంగా కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి, కోసిన కొన నీటికి తగిలేలా పట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో కొన నుంచి పాలధారలా తెల్లటి తీగ ఒకటి కిందికి దిగింది. అది బ్యాక్టీరియా వడలు తెగులు. ట్రైకోడెర్మా దానికి విరుగుడు కాదు. అలాగే వేళ్ళ మీద ముడులు ముడులుగా ఉబ్బులు కనబడితే అవి నులిపురుగులు. అందుకే ఏ మొక్క పోయినా ముందు పీకి వేళ్ళు చూడటం, తర్వాత కాండం కోసి గ్లాసు పరీక్ష చేయడం మంచి అలవాటు. రెండూ కలిపి ఐదు నిమిషాల పని.

మొక్క పోతోందని కంగారులో చేసే పని ఇంకొకటుంది. చేతికందిన కార్బెండజిమ్ పొడి నీళ్ళలో కలిపి కుండీలో పోసేస్తారు. ఇందులో రెండు నష్టాలున్నాయి. కార్బెండజిమ్ ట్రైకోడెర్మాను నిక్షేపంగా చంపుతుంది. వానాకాలంలో వేళ్ళు కుళ్ళబెట్టే పిథియం, ఫైటోఫ్తోరాల మీద మాత్రం అది పనిచేయదు, ఎందుకంటే అవి అసలు శిలీంధ్రాలే కావు. అంటే కాపలా కుక్కను చంపి దొంగను వదిలేసినట్టే. రసాయనం వాడక తప్పదనుకుంటే ఆ తర్వాత కనీసం రెండు వారాలు ఆగి, మళ్ళీ ఎరువుతోనే ట్రైకోడెర్మా వేయాలి. రాగి మందులు, సున్నం, చారెడు చారెడు బూడిద కూడా దీనికి పడవు. ఇది కాస్త పులుపు వైపు మొగ్గిన మట్టిని ఇష్టపడుతుంది, బూడిదేమో మట్టిని క్షారం వైపు లాగుతుంది. బూడిద వేసే అలవాటున్నవాళ్ళు రెండింటికీ మధ్య కనీసం మూడు వారాల ఎడం పెట్టుకుంటే మంచిది.

ఇప్పటికే మొక్క ఉన్న కుండీల సంగతి వేరు. మట్టి మార్చలేం కాబట్టి పైన రెండంగుళాలు మెల్లగా గుల్లచేసి, తోడు పెట్టిన ఎరువు ఒకటి రెండు గుప్పిళ్ళు వేసి, మట్టి కప్పి, తడిపి, పైన ఎండుటాకులు పరచాలి. ఆకులు ఎండ దెబ్బ తగలకుండా కాస్తాయి, మెల్లగా తిండి కూడా అవుతాయి. రెండు నెలలకోసారి ఇంకో గుప్పెడు వేస్తే చాలు. ఎరువు చేసే తీరిక లేనివాళ్ళు లీటరుకు 5 గ్రాముల పొడి కలిపి సాయంత్రం పోయవచ్చు గానీ, తిండి లేని కుండీలో, ముఖ్యంగా ఒట్టి కోకోపీట్‌లో, అది ఎక్కువ రోజులు నిలవదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన ఘాటుగా ఉంటే ముందు రోజు రాత్రే బకెట్‌లో పట్టి మూత లేకుండా ఉంచాలి.

సగం వేళ్ళు కుళ్ళిన మొక్కను బతికించాలనుకుంటే దాన్ని బయటికి తీసి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, కొన్ని కొమ్మలు కూడా తగ్గించి, కొత్త మట్టిలో నాటాలి. అప్పుడు కలిపిన ట్రైకోడెర్మా పాత వేళ్ళను బాగుచేయదు, కొత్తగా పుట్టే వేళ్ళకు కాపలా కాస్తుంది.

దుకాణంలో దీని పక్కనే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్, బాసిల్లస్ సబ్టిలిస్ ప్యాకెట్లు కూడా ఉంటాయి. ఇవి బ్యాక్టీరియాలు. సూడోమోనాస్ వేరును అంటిపెట్టుకుని, మట్టిలోని ఇనుమును తానే లాక్కుని తెగులుకు దక్కకుండా చేస్తుంది. క్షారం ఎక్కువున్న మట్టిలోనూ, బ్యాక్టీరియా వడలు తెగులు భయమున్న చోటా ట్రైకోడెర్మా కంటే ఇదే మేలు. కానీ ప్యాకెట్‌లో దీని ఆయుష్షు తక్కువ. బాసిల్లస్ గట్టి బీజాలు కట్టుకుంటుంది కాబట్టి వేడిని, నిల్వను బాగా తట్టుకుంటుంది. మూడూ ఒకే బకెట్‌లో కలిపేస్తే మూడింతల ఫలితం వస్తుందనుకోవడం అత్యాశ. సూడోమోనాస్‌లో కొన్ని రకాలు ట్రైకోడెర్మానే అణిచేస్తాయి. ముందు ట్రైకోడెర్మా ఎరువు వేసి, పది పదిహేను రోజుల తర్వాత సూడోమోనాస్ పోయడం అందరూ పాటించదగ్గ పద్ధతి.

పుట్టగొడుగులు పెంచేవాళ్ళకు ఒక హెచ్చరిక. వాళ్ళ బెడ్లకు పట్టే పచ్చబూజు తెగులు కూడా ట్రైకోడెర్మా జాతిదే. తోడు పెట్టిన ఎరువును, వాటిని ఒకే గదిలో ఉంచకూడదు.

కొనేటప్పుడు చూడాల్సింది బొమ్మ కాదు, వెనక వైపు చిన్న అక్షరాలు. జాతి పేరు, గ్రాముకు సి.ఎఫ్.యు. ఎంత, తయారైన తేదీ, గడువు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. గడువు ఇంకా ఉన్నా, దుకాణంలో అద్దాల వెనక ఎండలో నెలల తరబడి ఉన్న ప్యాకెట్‌లో మిగిలేది ఎక్కువగా టాల్కమే. అనుమానమొస్తే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గిన్నెడు అన్నం కాస్త బిరుసుగా వండి చల్లార్చి, వేడినీళ్ళతో కడిగిన గాజు సీసాలో వేసి, చిటికెడు పొడి చల్లి, మూతికి పలుచటి గుడ్డ కట్టి నీడలో పెట్టాలి. నాలుగైదు రోజుల్లో అన్నమంతా తెల్లగా, ఆపైన పచ్చగా మారితే పొడిలో ప్రాణముంది. అక్కడక్కడా నల్లటి, నారింజరంగు బూజులే వస్తే డబ్బు దండగ. పరీక్ష అయ్యాక ఆ అన్నాన్ని ఎవరూ తినకుండా ఎరువులో కలిపేయాలి. పంట పొలాలకు ఊళ్ళోనే దీన్ని తయారు చేసుకోవాలనుకునేవాళ్ళకు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ శిక్షణ ఇస్తుంది. మిద్దెతోటకు సరిపడా పొడి చాలా కృషి విజ్ఞాన కేంద్రాల్లో దొరుకుతుంది.

పోయిన ఏడు మొక్కలు కుళ్ళిన మట్టిని పారేయక్కర్లేదు. మే నెలలో దాన్ని తడిపి, మిద్దె మీద పలుచగా పరిచి, తెల్లటి పారదర్శక ప్లాస్టిక్ షీట్ కప్పి, అంచులు గట్టిగా మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే ఎండే తెగులు కణాల్లో చాలావాటిని చంపుతుంది. అప్పుడు ఆ మట్టి ఖాళీ ఇల్లు. తలుపు తీసి ఉన్న ఖాళీ ఇంట్లోకి ముందు ఎవరొస్తే వాళ్ళదే. కాబట్టి షీట్ తీసే రోజుకు పన్నెండు రోజుల ముందే, నీడలో ఎరువుకు తోడు పెట్టడం మరిచిపోకండి.